పేరే ఒక వాక్యం: యోరుబా పేర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నైజీరియా నైరుతి భాగంలోనూ, దాని పక్కనున్న బెనిన్, టోగో దేశాల్లో కొంత మేరా యోరుబా భాష మాట్లాడతారు. ఆ భాషలో మనిషి పేరు చాలాసార్లు ఒక పూర్తి వాక్యం. అలాంటి పేరు అర్థం కావాలంటే నిఘంటువు ఒక్కటే చాలదు. ఆ మాట ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఇంట్లో ఏం జరిగినప్పుడు అన్నారు అని కూడా అడగాలి. కింది జవాబులన్నిటిలో నేను ఆ మూడు ప్రశ్నలనే పట్టుకుని వెళ్లాను.

మన పేర్లకూ అర్థాలు ఉన్నాయి కదా. వాక్యం లాంటి పేరు అంటే కొత్తగా ఏమిటి?

మన పేర్లు దాదాపు అన్నీ నామవాచకాలు. లక్ష్మి, వెంకటేశ్వర్లు దేవుళ్ల పేర్లు. రామదాసు సమాసం. ఆ పేరున్నవాడు ఎవరి భక్తుడో అది చెబుతుంది కానీ, ఏం జరిగిందో చెప్పదు, ఏమీ కోరదు, ఎవరినీ పలకరించదు. ఎందుకంటే అందులో క్రియ లేదు.

యోరుబా పేరులో క్రియ ఉంటుంది. బాబాటుండే అంటే ‘నాన్న మళ్లీ వచ్చాడు’. ఒలుఫెమి అంటే ‘ప్రభువు నన్ను ప్రేమిస్తున్నాడు’. రోటిమి అంటే ‘నా దగ్గరే ఉండు’. మొదటిది ఒక వార్త, రెండోది స్తుతి, మూడోది బతిమాలుకోవడం. ‘నన్ను’, ‘నా’ అనే మాటలు కూడా పేర్లలోనే ఉన్నాయి చూడండి. ఆ ‘నేను’ చాలాసార్లు బిడ్డ కాదు, పేరు పెట్టిన తల్లో తండ్రో తాతో. బిడ్డ జీవితాంతం మోసేది మరొకరు ఒకనాడు అన్న మాటను.

అంత వాక్యం ఒక్క పేరులో ఎలా ఇముడుతుంది?

సంధి వల్ల. తెలుగువాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. యోరుబాలో చాలా క్రియలు ఒక్క అక్షరానివే: ‘డే’ అంటే చేరుకోవడం, ‘వా’ అంటే రావడం, ‘బీ’ అంటే కనడం. నామవాచకాలు ఎక్కువగా అచ్చుతో మొదలవుతాయి. అచ్చుకు అచ్చు ఎదురైతే ఒకటి లోపిస్తుంది.

అడేవాలే అనే పేరు తీసుకుందాం. ‘అడే’ అంటే కిరీటం, ‘వా’ అంటే వచ్చింది, ‘ఇలే’ అంటే ఇల్లు. వా, ఇలే కలిసినప్పుడు ‘ఇ’ పోయి ‘వాలే’ అవుతుంది. మొత్తం కలిపితే ‘కిరీటం ఇంటికి వచ్చింది’. తెలుగు సంధుల్లో సాధారణంగా మొదటి పదం చివరి అచ్చు పోతుంది. యోరుబాలో రెండింటిలో ఏదైనా పోవచ్చు. అడేవాలేలో రెండో పదం అచ్చు పోయింది. కోసోకో అనే పేరులో ‘సీ’, ‘ఓకో’ కలిసినప్పుడు మొదటి పదంలోని ‘ఈ’ పోయి ‘సోకో’ అయింది. ఆ పేరు సంగతి ముందు ముందు వస్తుంది, అది ఊరికే చెప్పి వదిలేసే పేరు కాదు.

కొన్నిచోట్ల హల్లు కూడా మారుతుంది. ‘నీ’ అనే మాట ఇ కాని అచ్చుకు ముందు వస్తే ‘ల’కారం అవుతుంది. పశ్చిమ నైజీరియా ప్రాంతానికి 1954లో మొదటి ప్రీమియర్ అయిన ఓబాఫెమి అవొలోవో ఇంటిపేరు ఇలా ఏర్పడిందే: ‘అవో నీ ఓవో’, అంటే ‘అవోకు గౌరవం ఉంది’. అవో అంటే ఇఫా అనే జోస్య విద్యకు సంబంధించిన రహస్య జ్ఞానం.

బాబాటుండే అని ఎవరికి పెడతారు? నిజంగా తాతే తిరిగి వచ్చాడని నమ్ముతారా?

తాత పోయిన తర్వాత ఆ ఇంట్లో పుట్టిన మగబిడ్డకు పెడతారు. తాత బతికి ఉండగా పెట్టరు. నాయనమ్మో అమ్మమ్మో పోయాక ఆడపిల్ల పుడితే యేటుండే అనో ఇయాబో అనో పెడతారు. రెండింటి భావమూ ‘అమ్మ తిరిగి వచ్చింది’ అనే. ఈ వాక్యాలు అంటున్నది బిడ్డ తల్లిదండ్రుల తరం కాబట్టి పోయినవాళ్లు ‘తాత’, ‘అవ్వ’ కాకుండా ‘నాన్న’, ‘అమ్మ’ అయ్యారు.

పూర్వికులు తమ వంశంలోనే మళ్లీ పుడతారన్న నమ్మకం యోరుబా సంప్రదాయంలో గట్టిగా ఉంది. ఈ రోజు క్రైస్తవులూ ముస్లింలూ అయిన యోరుబాలు కూడా ఈ పేర్లు పెట్టుకుంటున్నారు. వాళ్లందరూ పునర్జన్మను అక్షరాలా నమ్ముతారని అనుకోనక్కర్లేదు. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టినప్పుడు ఉండే ఆర్తి లాంటిదే ఇదీ. కాకపోతే మనం తాత పేరునే పెడతాం. వాళ్లు తాత వచ్చాడన్న కబురును పేరుగా పెడతారు. తాత అసలు పేరు అందులో ఉండదు.

పేరు ఎప్పుడు పెడతారు? ఎవరు పెడతారు?

ఇప్పుడు ఎక్కువమంది ఎనిమిదో రోజున పెడుతున్నారు. పాత ఆచారం ప్రకారం ఆడపిల్లకు ఏడో రోజు, మగబిడ్డకు తొమ్మిదో రోజు, కవలలకు ఎనిమిదో రోజు. మన బారసాల లాగానే బంధువులంతా చేరతారు. నీళ్లు, ఉప్పు, తేనె, కోలా గింజ, చేదు కోలా, ‘అటారే’ అనే ఘాటైన గింజలు సిద్ధంగా పెట్టుకుంటారు. ఒక్కొక్కటీ బిడ్డ పెదవికి తాకించి, దానికి తగిన దీవెన పలుకుతారు. తేనె తాకిస్తూ బతుకు తియ్యగా ఉండాలంటారు. నీటికి శత్రువులు లేరు కాబట్టి నీళ్లు తాకిస్తూ ఈ బిడ్డకూ శత్రువులు ఉండకూడదంటారు.

ఇక పేర్లు. తల్లిదండ్రులు ఒక పేరు చెబుతారు. తాతలు, అవ్వలు, పెద్దనాన్నలు, మేనత్తలు తలా ఒకటి చెబుతారు. పేరు చెప్పినవాళ్లు కొంత డబ్బు వేయడం ఆచారం. అలా ఒక బిడ్డకు ఐదారు పేర్లు రావడం మామూలే. కాగితాల మీదకు ఎక్కేవి రెండో మూడో. మిగిలినవి ఆ పేరు పెట్టినవాళ్ల నోట్లోనే ఉంటాయి. నాయనమ్మ తాను పెట్టిన పేరుతోనే చివరిదాకా పిలుస్తుంది.

పేరు పెట్టేముందు ఏం చూడాలో చెప్పే సామెత కూడా ఉంది. ఇంటిని చూసి బిడ్డకు పేరు పెట్టాలని దాని భావం. ఇల్లు అంటే ఇక్కడ గోడలు కాదు, ఆ సమయానికి ఆ కుటుంబం ఉన్న స్థితి.

చావును తిప్పికొట్టే పేర్లు ఉంటాయట. నిజమేనా?

నిజమే. ఈ విషయంలో నా మనసును ఎక్కువగా తాకినవి ఈ పేర్లే. అందుకే ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను.

ఒక తల్లికి వరసగా పిల్లలు పుట్టి పోతుంటే, వచ్చేది ప్రతిసారీ ఒకే బిడ్డ అని యోరుబాలు అనుకునేవారు. అలాంటి బిడ్డను అబికు అంటారు, ‘చావడానికే పుట్టినది’ అని. దానికి ఆత్మల లోకంలో తోటివాళ్లు ఉంటారని, వాళ్లతో చేసుకున్న ఒప్పందం ప్రకారం కొన్నాళ్లుండి వెళ్లిపోతుందని నమ్మకం. కాబట్టి మళ్లీ బిడ్డ పుట్టినప్పుడు పేరు ద్వారా దానితో నేరుగా మాట్లాడేవారు.

మాలోమో అంటే ‘ఇంక వెళ్లకు’. డురోజయే అంటే ‘ఆగి, బతుకును అనుభవించు’. డురోటిమి అంటే ‘నా దగ్గర నిలిచి ఉండు’. డురోసిన్మి అంటే ‘నన్ను పాతిపెట్టేదాకా ఉండు’. ఈ చివరి పేరు తల్లీదండ్రీ బిడ్డను ఎంత తక్కువ కోరుతున్నారో చూపిస్తుంది. ‘గొప్పవాడివి కా’ అనడం లేదు. ‘మేం పోయే రోజుకు నువ్వు ఉంటే చాలు’ అంటున్నారు.

కొన్ని పేర్లు బతిమాలవు, బెదిరిస్తాయి. అకిసాటాన్ అంటే ‘పాతగుడ్డలు అయిపోయాయి’. చనిపోతే చుట్టడానికి ఇంట్లో గుడ్డ మిగల్లేదని. ఇగ్బెకోయి అంటే ‘దీన్ని అడవి కూడా వద్దంది’. ఇలా పోయిన పిల్లల్ని ఊళ్లో కాకుండా పొదల్లో వదిలేవారు కాబట్టి, అక్కడా నీకు చోటు లేదని. కోసోకో ఈ వరసలోదే. ‘కో సీ ఓకో’: ‘పార లేదు’. గొయ్యి తవ్వే పనిముట్టు ఇంట్లో లేదు, కనుక చావకు. లాగోస్‌ను 1845 నుంచి 1851 దాకా ఏలిన రాజు పేరు కోసోకో. 1851 డిసెంబరులో బ్రిటిష్ నౌకలు లాగోస్‌పై ఫిరంగులు పేల్చి ఆయన్ని గద్దె దించాయి. చరిత్ర పుస్తకాల్లో ఆ పేరు ఒక రాజ్యాధికారిదిగా కనిపిస్తుంది. విడదీసి చదివితే వినిపించేది పసిబిడ్డ ముందు కూర్చున్న ఇంటివాళ్ల మాట.

పిల్లలు ఇలా వరసగా పోవడానికి కొడవలి కణ వ్యాధి ఒక కారణమై ఉండొచ్చని వైద్యులు చెబుతారు. ఆ వ్యాధి భారం ప్రపంచంలో అత్యధికంగా ఉన్న దేశం నైజీరియా. అది వారసత్వంగా వచ్చేది కాబట్టి, ఒకే దంపతుల పిల్లల్లో మళ్లీ మళ్లీ బయటపడుతుంది.

మన దగ్గర పెంటయ్య, పుల్లయ్య అని పెట్టడం కూడా ఇదే కదా?

భయం ఒక్కటే, ఉపాయం వేరు. పిల్లలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య, పెంటమ్మ అనేవారు. ఎంగిలి విస్తరిలో దొర్లించి పుల్లయ్య, పుల్లమ్మ అనేవారు. తవుడు కొలిచి ఇచ్చి కొనుక్కున్నట్టు చేసి తవుడు, తవిటయ్య అనేవారు. ఈ బిడ్డ విలువలేనిది, పనికిరానిది అని చావును నమ్మించి తప్పించుకోవడం మన పద్ధతి. మన పేరులో మాట్లాడేవాళ్లు లేరు. జరిగిన తంతును ఒక నామవాచకం గుర్తుచేస్తుంది. యోరుబా పేరులో తల్లిదండ్రులు బిడ్డ ముఖంలోకి చూసి, ‘వెళ్లకు’ అని నోరు తెరిచి అడుగుతారు.

ఒక మనిషి పేరు మొత్తం విడదీసి చూపిస్తారా?

ఎం.కె.ఓ. అబియోలా పేరు చూద్దాం. 1937లో అబెయోకుటాలో పుట్టిన పెద్ద వ్యాపారి. 1993 జూన్ 12న జరిగిన నైజీరియా అధ్యక్ష ఎన్నికల్లో గెలుపు ఆయనదేనని అందరికీ తెలుసు, కానీ సైనిక ప్రభుత్వం ఆ ఎన్నికలను రద్దు చేసింది. 1998 జూలైలో ఆయన నిర్బంధంలోనే చనిపోయారు. ఆయన పూర్తి పేరు మోషూద్ కాషిమావో ఓలావాలే అబియోలా.

వెనక నుంచి వద్దాం. అబియోలాలో ‘బీ’ అంటే కనడం, ‘ఓలా’ అంటే గౌరవం, ఘనత. ‘ఘనతలో పుట్టినవాడు’ అని అర్థం. ఓలావాలే ఇందాక చూసిన అడేవాలే లాంటిదే: ‘ఘనత ఇంటికి వచ్చింది’. మోషూద్ అరబ్బీ పేరు, ముస్లిం కుటుంబం కాబట్టి. అదృష్టవంతుడని దాని భావం.

ఇక మిగిలింది ఆ ‘కె’. ఎన్నికల గోడపత్రాల మీద ఒక్క పొడి అక్షరంగా ఉండిపోయిన కాషిమావో అంటే ‘చూస్తూ ఉందాం’. ఆయన తండ్రికి ఇరవై మూడో సంతానం. అంతకుముందు పుట్టిన ఇరవై రెండు మందిలో ఒక్కరూ పసితనం దాటలేదు. ఈయన పుట్టినప్పుడు ఆ ఇంట్లో పండగ మాట ఎవరి నోటా రాలేదు. ఉంటాడో పోతాడో చూద్దామనే మాటే పేరయింది. మోషూద్ అనే పేరు ఆయనకు పదిహేనేళ్లు వచ్చాకనే పెట్టారు.

మొదట అడిగిన మూడు ప్రశ్నలు ఇక్కడ వేయండి. మాట్లాడుతున్నది తల్లిదండ్రులు. వింటున్నది బిడ్డ కాదు, ఒకరితో ఒకరు అనుకుంటున్నారు. సందర్భం ఇరవై రెండు మరణాలు. ‘చూస్తూ ఉందాం’ అని నిఘంటువు చెప్పే అర్థం తప్పు కాదు, కానీ దానితో ఆ ఇంట్లోకి అడుగుపెట్టలేం.

పేరు చూసి కుటుంబం ఏమిటో చెప్పవచ్చా?

పాత రోజుల్లో చాలావరకు చెప్పగలిగేవారు. వాక్యానికి కర్త ఎవరో చూస్తే తెలిసేది. ‘అడే’తో మొదలైతే రాజవంశం. ‘ఓగున్’ ఇనుముకు దేవుడు, కాబట్టి ఆ పేరుతో మొదలైతే కమ్మరులు, వేటగాళ్లు. ‘ఇఫా’ లేదా దాని పొట్టి రూపం ‘ఫా’ ఉంటే జోస్యం చెప్పేవారు. ‘అయాన్’ ఉంటే డోలు వాయించే కుటుంబం. ఇంటి వృత్తి, ఇంటి దైవం రెండూ ఆ మొదటి పదంలో ఉండేవి.

పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవం బలపడ్డాక ఆ మొదటి పదం మీద ఒత్తిడి పడింది. చాలామంది వాక్యాన్ని అలాగే ఉంచి కర్తను మార్చారు. ఓగున్, ఇఫా ఉన్నచోట ‘ఒలు’, ‘ఒలువా’ (ప్రభువు), ఈ మధ్య ‘జేసు’ వచ్చాయి. యోరుబాలో తొలి నవలాకారుడిగా పేరుపొందిన డి.ఓ. ఫాగున్‌వా 1903లో పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒరోవోలే, అంటే ‘ఒరో దేవత ఇంట్లోకి వచ్చింది’. ఆయన దాన్ని ఒలోరున్‌ఫెమిగా మార్చుకున్నారు, ‘దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడు’ అని. ఇంటిపేరులోని ‘ఫా’ మాత్రం అలాగే ఉండిపోయింది. చర్చికి వెళ్లే అవొలోవో ఇంటిపేరులో ఇఫా విద్య మిగిలినట్టే. కాబట్టి ఈ రోజు పేరులోని దైవాన్ని చూసి ఎదుటి మనిషి మతాన్ని ఊహించకూడదు. ఆ వాక్యం ముత్తాతది కావచ్చు.

కవలల పేర్లు ముందే నిర్ణయమై ఉంటాయా?

అవును. ముందు పుట్టిన బిడ్డ టైవో, తర్వాత పుట్టిన బిడ్డ కెహిండే. ఆడైనా మగైనా అంతే. టైవో అంటే ‘లోకాన్ని రుచి చూడు’. విశేషమేమిటంటే తర్వాత పుట్టిన కెహిండేనే పెద్ద. లోకం ఎలా ఉందో చూసి రమ్మని చిన్నవాడిని ముందు పంపి, పెద్దవాడు ఆ తర్వాత వస్తాడట. కవలల తర్వాత పుట్టే బిడ్డ ఇడోవు, ఆ తర్వాతిది అలాబా.

పుట్టిన తీరును బట్టి వచ్చే పేర్లు ఇంకా ఉన్నాయి. బోర్లా పుట్టిన బిడ్డ అజాయి. 1864లో ఆంగ్లికన్ చర్చికి తొలి ఆఫ్రికన్ బిషప్ అయిన శామ్యూల్ అజాయి క్రౌథర్ బానిసల వేటగాళ్లకు చిక్కి, విడుదలై, బాప్తిస్మం పొంది ఇంగ్లీషు పేరు తీసుకున్నా, ఆ అజాయిని వదల్లేదు.

మగ పేర్లు, ఆడ పేర్లు వేరుగా ఉంటాయా?

వాక్యపు పేర్లలో చాలావాటికి ఆ తేడా లేదు. బాబాటుండే, యేటుండే లాంటివి మినహాయింపు. ఆడ, మగ తేడా కచ్చితంగా కనిపించేది ‘ఒరికి’ అనే ముద్దుపేర్లలో: అకాన్ని, అజాని మగపిల్లలకు, అడుకె, అబెకె ఆడపిల్లలకు.

ఇంత పెద్ద పేర్లను పొట్టిగా పిలిస్తే అర్థం పోదా?

చాలాసార్లు క్రియ ఉన్న భాగాన్నే ఉంచుకుంటారు. ఒలుఫెమి ఫెమి అవుతాడు, బాబాటుండే టుండే అవుతాడు. ‘నన్ను ప్రేమిస్తున్నాడు’, ‘మళ్లీ వచ్చాడు’ మిగిలాయి, ఎవరన్నది పోయింది. అడేవాలే, ఓలావాలే ఇద్దరూ వాలే అవుతారు.

చిక్కు రోటిమి దగ్గర వస్తుంది. అది డురోటిమికి పొట్టి రూపం కావచ్చు, అప్పుడు బిడ్డతో అన్న వేడుకోలు. ఒలువారోటిమికి పొట్టి రూపం కావచ్చు, అప్పుడు ‘ప్రభువు నాకు అండగా నిలిచాడు’ అనే స్తుతి. మొదటి దాని వెనక పోయిన పిల్లలు ఉన్నారు, రెండో దాని వెనక ఉండనక్కర్లేదు. పొట్టి పేరు వినగానే విషాదగాథ అల్లేయకుండా పూర్తి పేరు అడగాలి.

ఇంగ్లీషు అక్షరాల్లో చూసి అర్థం వెతికితే దొరుకుతుందా?

పాక్షికంగానే. యోరుబాలో ఒకే అక్షరాలకు స్వరం పైకి, మధ్యన, కిందికి మారితే మాటే మారిపోతుంది. ọkọ అంటే మొగుడు, ọkọ́ అంటే పార, ọkọ̀ అంటే పడవ లేదా బండి. పాస్‌పోర్టుల్లో, బ్యాంకు కాగితాల్లో ఆ గుర్తులన్నీ రాలిపోయి మూడూ oko అవుతాయి. అలాగే Ṣẹ́gun అని ఉండాల్సింది Segun అవుతుంది. చదవాల్సింది ‘షెగున్’ అని, ‘సెగున్’ అని కాదు. అందుకే గుర్తులు లేని పేరు మీద ఆధారపడి అర్థం చెప్పే పట్టికలను నమ్మకండి. భాషావేత్త కోలా టుబోసున్ మొదలుపెట్టిన YorubaName.com లో పేరును గుర్తులతో, విడదీసిన ముక్కలతో ఇస్తారు. అది మెరుగైన చోటు.

ఇది యోరుబాలకే ప్రత్యేకమా?

కాదు. పక్కనే ఉన్న ఇగ్బోల్లోనూ ఉంది. రచయిత చినువా అచేబే పూర్తి పేరు చినువాలుమోగు, ‘దేవుడు నా తరఫున పోరాడు గాక’. జింబాబ్వేలోని షోనా భాషలో ఇరుగుపొరుగుకు తగిలేలా పెట్టే పేర్లుంటాయి. ముచనేటా అంటే ‘మీరే అలసిపోతారు’. ఆడిపోసుకునేవాళ్లకు అది జవాబు. బిడ్డను పిలిచిన ప్రతిసారీ గోడ అవతలివాళ్లకు వినిపిస్తుంది.

ప్రాచీన మెసొపొటేమియా రాజుల పేర్లూ వాక్యాలే. తెలుగు బైబిల్లో నెబుకద్నెజరుగా కనిపించే పేరుకు ‘నబూ దేవా, నా వారసుణ్ణి కాపాడు’ అని అర్థం. సన్హెరీబు పేరుకు ‘సిన్ దేవుడు అన్నదమ్ములకు బదులు ఇచ్చాడు’ అని అర్థం. ఆయనకంటే ముందు పుట్టినవాళ్లు బతకలేదని ఆ పేరే చెబుతోంది.

హీబ్రూ పేర్లయితే మన ఊళ్లలోనే ఉన్నాయి. యోనాతాను అంటే ‘యెహోవా ఇచ్చాడు’. మిఖాయేలు ఏకంగా ప్రశ్న: ‘దేవుని వంటివాడెవడు?’ ఇష్మాయేలు అంటే ‘దేవుడు వింటాడు’. తెలుగు ముస్లిం ఇళ్లలో ఇస్మాయిల్ అదే. తెలుగు క్రియ ఒక్కటీ లేకపోవడం వల్ల వీటిని మనం వాక్యాలుగా వినడం లేదు, అంతే.

మా పాపకో బాబుకో యోరుబా పేరు పెట్టుకోవచ్చా?

ఎవరూ అడ్డుకోరు. కానీ వినసొంపుగా ఉందని మాత్రమే పెట్టకండి. టుండే అని పెడితే మీ ఇంట్లో ఒక పెద్దాయన పోయారని యోరుబాలు అనుకుంటారు. అడే ఉన్న పేరు రాజవంశాన్ని సూచిస్తుంది. అబికు పేరు పెడితే ఎంతమంది పోయాక ఈ బిడ్డ అని జాలిగా చూస్తారు. సందర్భాన్ని మాత్రమే చెప్పే పేర్లు కొంత నయం: బెజిడే అంటే ‘వానతో వచ్చింది’, అబియోనా అంటే ‘దారిలో పుట్టింది’, అబియోడున్ అంటే ‘పండగనాడు పుట్టింది’. అది నిజంగా జరిగి ఉంటేనే పెట్టండి.

టోకున్‌బో అనే పేరు విషయంలో ఒక హెచ్చరిక. ‘సముద్రం దాటి తిరిగి వచ్చింది’ అని దాని అర్థం. విదేశాల్లో పుట్టి స్వదేశానికి వచ్చిన పిల్లలకు పెడతారు. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలకు సరిపోయేలాగే ఉంటుంది. అయితే నైజీరియా వీధుల్లో విదేశాల నుంచి దిగుమతైన పాత కార్లనూ టోకున్‌బో అనే అంటారు.

నైజీరియా సహోద్యోగిని పేరు అర్థం అడగడం మర్యాదేనా?

మర్యాదే, చాలామంది సంతోషంగా చెబుతారు. ముందు ఏ పేరుతో పిలవాలో అడగండి. తర్వాత అర్థం అడగండి. ఆ పేరు ఎవరు పెట్టారని కూడా అడిగితే అసలు కథ బయటికి వస్తుంది. పేరు మాలోమో, కాషిమావో లాంటిదైతే మాత్రం నలుగురిలో అడగకండి.